నెల్లూరులో కుక్కల ఫుడ్ కొనేవాళ్లూ, కిలో రేటు చూసి బస్తా ఎత్తుకోబాకండి

షాపు పేరు రాయను. ఊళ్లో కుక్కలున్నోళ్లలో సగం మంది అక్కడే కొంటారు, ఎవరి గురించో అర్థమవుద్ది.

మాది ల్యాబ్రడార్ కుక్క, 28 కిలోలు. ఎప్పుడూ తెచ్చే పది కిలోల బస్తా 2,300. షాపాయన పక్కన కొత్త బస్తా చూపించి "ఇది 1,600కే, పూటకి ఒక కప్పు చాలన్నా, నలభై రోజులొస్తది" అన్నాడు. కప్పు కూడా ఫ్రీగా ఇచ్చాడు, మహానుభావుడు.

ఇంట్లో ఆ కప్పు నిండా పోసి తూస్తే 120 గ్రాములు. రెండు పూటలకి 240. కుక్కేమో గిన్నె నాకి నాకి నా మొహం చూస్తా ఉంది, చెత్తబుట్ట దొర్లిస్తా ఉంది. పక్కటెముకలు కంటికి కనపడే దాకా వచ్చినాక అనుమానమొచ్చి బస్తా వెనక్కి తిప్పా. షాపు స్టిక్కర్ సరిగ్గా ఎంత పెట్టాలో చెప్పే పట్టిక మీదే అంటించున్నారు. గోరుతో పీకితే కింద ఉంది: 25 నుంచి 30 కిలోల కుక్కకి రోజుకి 480 గ్రాములు! అంటే నేను పెట్టేది సగం తిండి.

స్టిక్కర్ పట్టుకుపోయి అడిగితే ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, "రేటు తగ్గించమని బేరమాడేటప్పుడు వెనకాల చదవలేదా సార్? మీ కుక్క తిండిపోతయితే నేనేం చేసేది?" అన్నాడు. పక్కన ఇద్దరు కస్టమర్లు నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. చవకది కిలో 160, రోజుకి 480 గ్రాములు, అంటే దాదాపు 77 రూపాయలు. పాతది కిలో 230, కానీ దాని పట్టిక ప్రకారం 320 గ్రాములే, రోజుకి 74లోపే. నలభై రోజులన్న బస్తా ఇరవైకే ఖాళీ, పాతదేమో నెల దాటి వస్తది. ప్రొటీన్ చవకదాన్లో 18 శాతం, పాతదాన్లో 26. రోజు తిండికి లెక్కేస్తే రెండింట్లో సుమారు 85 గ్రాములే. అంటే అదే ప్రొటీన్ కోసం కుక్క 160 గ్రాములు ఎక్కువ నమలాల, మనం అంతకు తగ్గట్టు ఎక్కువ ఎత్తిపొయ్యాల. 700 మిగిలిందని ఇంట్లో గొప్పలు కూడా చెప్పా, ఏం తెలివి!

ఇంకోటి, బస్తా మీద ప్రొటీన్ "కనీసం" ఇంత అనే ఉంటది, అది మాంసందా, సోయాదా ఆ శాతం చెప్పదు. దానికి పదార్థాల వరస చూడాల. పట్టిక కూడా అంచనాయే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకీ, ఇంట్లో పడుకునేదానికీ తగ్గించాల్సొస్తది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాల, కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనపడకూడదు.

కొనేముందు కిలో రేటుని రోజు గ్రాములతో గుణించి వెయ్యితో భాగించండి, అంతే. స్టిక్కర్ ఉంటే అక్కడే పీకించండి. ఫుడ్ మార్చేటప్పుడు వారం రోజులు పాతదాన్లో కలుపుతా మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.