డయాలసిస్ ట్యూబుల్ని కాల్చాలా, ఆవిరిలో ఉడికించాలా?

"కాల్చేస్తే పీడా పోతుంది కదా, మధ్యలో ఈ ఆటోక్లేవ్ గోలేంటి?" అని మా మేనేజర్ గారు ఒకసారి అడిగారు. అప్పట్లో నేను ఓ మోస్తరు ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసేదాన్ని. ప్రశ్న సబబైనదే, చాలామందికి అదే అనుమానం. కాకపోతే ఏ మిషన్ మేలో చెప్పాలంటే ముందు సంచిలో ఏముందో చూడాలి. అందుకే డయాలసిస్ యూనిట్‌లో వాడేసిన ప్లాస్టిక్ వేసే ఎర్ర సంచిని కాల్చే ఇన్‌సినరేటర్, ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్, మైక్రోవేవ్, ఈ మూడు దారుల్లోనూ పంపి చూద్దాం.

పది మిషన్లు, రోజుకి రెండు షిఫ్టులు, అంటే ఇరవై మంది రోగులు అనుకోండి. ఒక్కొక్కరికీ రక్తం తిరిగే ట్యూబులు, రక్తాన్ని వడపోసే డయలైజర్, సెలైన్ సెట్టు, గ్లవ్స్ పోతాయి. లెక్క సులువుగా ఉండటానికి అందులో పీవీసీ ట్యూబులే నాలుగు కిలోలు అనుకుందాం. పీవీసీలో బరువు ప్రకారం 57 శాతం క్లోరినే. ట్యూబు మెత్తగా వంగడానికి కలిపే నూనెలాంటి పదార్థాన్ని తీసేసి చూసినా, ఆ నాలుగు కిలోల్లో కిలోకి పైగానే క్లోరిన్ మిగులుతుంది.

ఈ సంచి ఇన్‌సినరేటర్‌లోకి వెళ్తే ఆ క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరై బయటకొస్తుంది, పొగని కడిగే స్క్రబ్బర్ దాన్ని పట్టుకోవాలి. అసలు భయం మాత్రం క్లోరిన్ ఉన్న చెత్త కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లనే విషాలతో. మన 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం చెత్త కాలే మొదటి గదిలో 800 డిగ్రీలు, పొగ కాలే రెండో గదిలో 1050 డిగ్రీలు (రెండింటికీ అటూ ఇటూ 50) ఉండాలి, వాయువు రెండో గదిలో కనీసం రెండు సెకన్లు నిలవాలి. అంత వేడిలో డయాక్సిన్లు విడిపోతాయి, నిజమే. కానీ పొగ చల్లబడుతూ 450 నుంచి 200 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి, బూడిద రేణువుల మీద మళ్ళీ తయారవుతాయి. అందుకే ఆ మధ్య దశలో పొగని తాపీగా చల్లారనివ్వకుండా నీళ్ళు కొట్టి టక్కున దించేయాలి. మన నిబంధనల్లో పరిమితి ఘనపు మీటరుకి 0.1 నానోగ్రామ్. పొగగొట్టం కనీసం 30 మీటర్లు ఉండాలి. డయాక్సిన్ పరీక్ష ఏడాదికి ఒక్కసారే కాబట్టి మిగతా రోజుల్లో ఏం జరుగుతోందో ఆపరేటర్ చేతిలోనే ఉంటుంది.

ఆపరేటర్ చేతిలో ఉన్నప్పుడు డీజిల్ ఖర్చు గుర్తొస్తుంది. రెండో గది బర్నర్ ఆపేస్తారు, లేదా తలుపు తెరిచి ఒకేసారి పది సంచులు తోసేస్తారు, వేడి పడిపోతుంది. నల్ల పొగ వస్తే కంటికి తెలుస్తుంది గానీ డయాక్సిన్లు కంటికి కనపడవు కదా. నేను చూసేది బూడిద. సగం కాలిన కట్టు గుడ్డ, ఆకారం చెడని సిరంజి కనపడితే చాలు, మొదటి గదిలోనే వేడి చాల్లేదన్నమాట. తర్వాత టెంపరేచర్ గ్రాఫ్ అడగండి. సంచులు పడుతున్నప్పుడు కాస్తయినా ఊగాల్సిన గీత రోజంతా గీటు గీసినట్టు సమంగా ఉందంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు.

ఇప్పుడు అదే సంచిని ఆటోక్లేవ్‌లో పెడదాం. 121 డిగ్రీలు, 15 పీఎస్ఐ పీడనం. గాలిని ముందే లాగేసే వాక్యూమ్ రకం అయితే 45 నిమిషాలు, ఆవిరే గాలిని నెమ్మదిగా తోసే మామూలు రకం అయితే కనీసం 60 నిమిషాలు. అంటే పెద్ద ప్రెషర్ కుక్కరే. పొగగొట్టం లేదు, క్లోరిన్ ట్యూబులోనే ఉండిపోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి.

దీని చిక్కు గాలితో. గాలి ఇరుక్కున్న చోటికి ఆవిరి పోదు. డయలైజర్ చూశారుగా, లోపల వేల సన్నటి గొట్టాలు, పైగా సంచి మూతిని ఆయా బిగించి ముడేసి ఉంటుంది. వేడి తగిలిందో లేదో తెలియడానికి బయట అతికించే టేపు రంగు మారిపోతుంది, లోపల మధ్యలో ఉన్నది ఇంకా వెచ్చబడుతూనే ఉంటుంది. ఆ టేపు చెప్పేది టేపు అతికించిన చోటు గురించి మాత్రమే. అసలు పరీక్ష స్పోర్ వయల్‌ది: జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా స్పోర్లు పది లక్షలు ఉన్న చిన్న సీసాని లోడు నట్టనడుమ పెట్టి, అయ్యాక తీసి ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. మామూలుగా దొరికే వయళ్ళలో ఊదా రంగు ద్రవం ఉంటుంది, అది పసుపు అయితే స్పోర్లు బతికున్నట్టే, ఆ లోడు ఫెయిల్. ఒకసారి నేను చూసిన ఒక చోట ఆ వయల్‌ని తలుపు పక్కనే పెట్టి వారం వారం పాస్ రాసుకుంటున్నారు. అక్కడ పెడితే ఎందుకు పాస్ కాదు!

ఆటోక్లేవ్ అయ్యాక సంచి బరువు తగ్గదు, తడికి కాస్త పెరుగుతుంది కూడా. రూపం కూడా మారదు, అందుకే ముక్కలు చేసే ష్రెడ్డర్ తప్పనిసరి, తర్వాతే రీసైక్లింగ్‌కి పంపాలి. వాడిన సిరంజిని ముక్కలు చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో తేలింది: వాడేసిన సిరంజిలు మళ్ళీ వాడకంలోకి వచ్చి హెపటైటిస్ బి పాకింది, పదుల సంఖ్యలో చనిపోయారు.

మూడోది మైక్రోవేవ్. మీ వంటింటి మైక్రోవేవ్ లాగే ఇదీ నీటినే వేడెక్కిస్తుంది, పొడి ప్లాస్టిక్‌ని కాదు. అందుకే చాలా పెద్ద మిషన్లలో చెత్తని ముందే ముక్కలు చేసి, ఆవిరితో తడిపి, తర్వాత తరంగాల కిందకి తోస్తారు. సుమారు 95 నుంచి 100 డిగ్రీలు, అరగంట దాకా. వినడానికి బాగుంటుంది, కరెంటు కూడా ఎక్కువ తినదంటారు. నాకు నచ్చనిది ఒకటే: ముక్కలు చేయడం ముందు, శుద్ధి తర్వాత. బ్లేడ్లలో ఏదైనా ఇరుక్కుంటే ఒకరు మూత తీసి, ఇంకా చావని చెత్తలో చెయ్యి పెట్టాలి. పైగా నిబంధనల్లో మైక్రోవేవ్‌కి అడిగే స్పోర్ పరీక్ష 10,000 స్పోర్లతో, అదీ వేరే బాక్టీరియాతో. ఆటోక్లేవ్‌కి అడిగే పది లక్షల పక్కన పెట్టి చూడండి. పెద్ద లోహపు వస్తువులు, శరీర భాగాలు, కీమో మందులు ఇందులో వేయకూడదు కూడా.

కాబట్టి ఎర్ర సంచికి నా ఓటు వాక్యూమ్ ఆటోక్లేవ్, వెనక ష్రెడ్డర్. రెండో ఎంపిక మైక్రోవేవ్. ఇన్‌సినరేటర్‌లోకి ఈ సంచి వెళ్ళకూడదు, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ని కాల్చకూడదని నిబంధనలే చెప్తున్నాయి.

పసుపు సంచి దగ్గర కథ తిరగబడుతుంది. అందులో ఉండేవి కాన్పులో వచ్చే మాయ, కోసేసిన వేలు, గడువు తీరిన మందులు. ఆటోక్లేవ్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ మాయని మాయగానే వదిలేస్తుంది, దాన్ని చెత్తకుప్పలో వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? మందులైతే ఇంకా కష్టం, ఆవిరికి వాటి విషం పోతుందన్న గ్యారంటీ లేదు. కీమో మందులకైతే మామూలు 1050 కూడా చాలదు, 1200 డిగ్రీలు దాటాలి. ఇక్కడ ఇన్‌సినరేటర్‌కి పోటీ లేదు.

ఇంతకీ మా మేనేజర్ గారు ఏ మిషనూ కొనే పని లేకపోయింది. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆస్పత్రి సొంతంగా పెట్టుకోకూడదు, మాకు దగ్గర్లోనే ఉంది. మరి మా చేతిలో ఏముంది? డయాలసిస్ మంచాల పక్కన పసుపు డబ్బా దగ్గరగా, ఎర్ర డబ్బా సింకు దాటి గోడ మూలన ఉండేవి. ఆయాలు చేతికందిన దాంట్లో వేసేవాళ్ళు, వాళ్ళని అనడానికేముంది, రెండు చేతుల్లో రక్తం కారే ట్యూబులు పట్టుకుని ఎవరు నడుస్తారు. రెండు డబ్బాల చోటు మార్చాం, అంతే. ఆ వారం నుంచే మా పసుపు సంచుల బరువు తగ్గింది.