తుంటి విరుపు: తొడ ఎముక మెడ దగ్గరా, దాని కిందా?

78 ఏళ్ల ఆవిడ జారిపడ్డారు. కుడికాలు పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగిపోయింది. ఎక్స్-రేలో ముందు చూడాల్సింది విరుపు ఎక్కడన్నదే.

తొడ ఎముక పైచివర బంతిలాంటి తల, దాని కింద సన్నని మెడ ఉంటాయి. ఎముక ఆ మెడ దగ్గర విరిగి పక్కకు జరిగితే, తలకు వెళ్లే రక్తనాళాలు తెగిపోవచ్చు. స్క్రూలు వేసినా తల చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే ఈ వయసులో సాధారణంగా తలను మార్చేస్తారు.

మెడ కింద, రెండు ఎముక బొడిపెల మధ్య విరిగితే కాలు ఇంకా ఎక్కువగా తిరుగుతుంది, రక్తం ఎక్కువ పోతుంది. కానీ ఎముక అతుక్కుంటుంది. రాడ్డో, ప్లేటూ స్క్రూనో చాలు. ఈవిడది ఇదే.

ఎముక పక్కకు జరగని విరుపులో కాలు మామూలుగానే ఉండొచ్చు, ఎక్స్-రేలోనూ కనిపించకపోవచ్చు. నొప్పితో అడుగు వేయలేకపోతే ఎమ్మారై తీయించాలి.