రీచ్ తగ్గడం, అకౌంట్ సస్పెండ్ అవడం: ఏది మేలు?

మల్కాజిగిరిలో మా వదిన ఇంట్లోనే మునగాకు పొడి చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. రీల్‌కి 9,000 వ్యూస్ దాకా వచ్చేవి, ఉన్నట్టుండి 2,800కి పడిపోయాయి. "నా అకౌంట్ బ్లాక్ చేసేశారు, కాస్త వచ్చి చూడవా" అని ఆదివారం పొద్దున్నే ఫోన్.

వెళ్లి చూస్తే అకౌంట్ బాగానే ఉంది. సస్పెండ్ అయితే ఆ సంగతి యాప్ తెరవగానే తెలుస్తుంది, మన ప్రొఫైల్ ఎవరికీ కనిపించదు, పాత కస్టమర్ల మెసేజ్‌లు కూడా మన చేతిలో ఉండవు. అప్పీల్‌కి 180 రోజుల గడువు ఇస్తారు, అది దాటితే అకౌంట్ పోయినట్టే. ఆ టెన్షన్‌లో చాలామంది వెంటనే కొత్త అకౌంట్ తెరుస్తారు. అది శిక్ష తప్పించుకోవడం కిందికి వస్తుంది, దాన్నీ తీసేయొచ్చు.

వదిన విషయంలో జరిగింది వేరు, రీచ్ తగ్గింది, అంటే వీడియో చేరే జనం తగ్గారు. ఒక రీల్‌ని ఎలాంటివాళ్లు ఎంతమంది చూశారో చెప్పే ఇన్‌సైట్స్ తెరిచాం. ఇదివరకు చూసినవాళ్లలో నూటికి 70 మంది ఫాలో కానివాళ్లు, ఇప్పుడు నలుగురే. ఫాలోవర్లకు వీడియో మామూలుగానే వెళ్తోంది, ఎక్స్‌ప్లోర్‌లోనూ రీల్స్ ట్యాబ్‌లోనూ కొత్తవాళ్లకు చూపించడం మానేసినట్టుంది. ఇదొక్కటే రుజువని అనుకోకూడదు, ఎందుకంటే జనం మొదటి రెండు సెకన్లలోనే పైకి తోసేసినా అంకెలు ఇలాగే పడతాయి. అందుకే సెట్టింగ్స్‌లో Account Status చూడాలి. అక్కడ మూడు రీల్స్ సిఫార్సుకు పనికిరావని ఉంది. మూడింట్లోనూ ఒకే మాట: "నెలలో 5 కిలోలు తగ్గుతారు".

బరువు తగ్గిస్తుందని చెప్పి ఏదైనా అమ్మితే దాన్ని కొత్తవాళ్లకు సిఫార్సు చేయబోమని ఇన్‌స్టాగ్రామ్ నియమాల్లోనే ఉంది. తీసేయాల్సినంత తప్పు కాదు కాబట్టి పోస్టు ఉంటుంది, వాళ్లంతట వాళ్లు పదిమందికీ పంచరు, అంతే. ఇలాంటివి పదే పదే పెడితే మొత్తం అకౌంట్‌నే సిఫార్సుల్లోంచి పక్కన పెడతారు, అప్పుడు ఏ పాపమూ ఎరగని మునగచెట్టు వీడియో కూడా నలుగురికి చేరదు.

నన్నడిగితే రీచ్ తగ్గడమే మేలు. వ్యాపారం నడుస్తూనే ఉంటుంది, దిద్దుకునే దారీ ఉంటుంది. కానీ దాన్ని కనిపెట్టడమే కష్టం, వదినకి ఐదు వారాలు పట్టింది, ఈలోగా అదే మాటతో ఇంకో రీల్ తీయబోయింది కూడా.

రెండు రీల్స్‌లో ఆ మాట క్యాప్షన్‌లో ఉంది, ఎడిట్ చేసి మళ్లీ పరిశీలించమని అడిగాం. మూడోదాంట్లో వీడియో మీదే రాసి ఉంది, అది డిలీట్ చేయక తప్పలేదు. "తగ్గుతారని నేను తూచి చూశానా ఏంటి" అంటూ ఆవిడే తీసేసింది, దాని బదులు ఆకు నీడలో ఆరబెట్టడం, దంచడం, జల్లించడం చూపిస్తూ కొత్త వీడియో తీసింది.