నెలనెలా పంపడమా, రేటు కోసం ఆగడమా?

దుబాయ్‌లో ఉండే మనవాళ్ల గదుల్లో జీతాలు పడగానే వినిపించే మాట, "ఈరోజు రేటెంత?" దిర్హంకి ఇంకో పది పైసలు పెరిగాక పంపుదామని ఆగేవాళ్లు చాలామంది. వెయ్యి దిర్హంలకు పది పైసలంటే వంద రూపాయలే. ఆగినందుకు ఇంటి దగ్గర ఎంత పోతోందో కూడా చూడాలి.

ఒక లెక్క వేద్దాం. వీసా కోసం ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు అప్పు తెచ్చిన మనిషి, నెలకు వెయ్యి దిర్హంలు మిగులుస్తున్నాడు. ఆరు నెలల్లో రేటు 23 రూపాయల నుంచి అటూ ఇటూ ఊగి, చివరికి 23.60కి చేరిందనుకుందాం. నెలనెలా పంపితే సగటు రేటు 23.18 పడింది, ఇంటికి 1,39,100 చేరింది. ఆగి ఆరు వేలూ ఒకేసారి పంపితే 1,41,600. అంటే 2,500 లాభం. పంపిన ప్రతిసారీ ఛార్జీ 20 దిర్హంలు అనుకుంటే, ఐదుసార్ల ఛార్జీ మిగిలి ఇంకో 2,360. మొత్తం 4,860.

ఇప్పుడు వడ్డీ చూడండి. మొదటి నెల 23,000 అప్పుకు కట్టి ఉంటే ఐదు నెలల వడ్డీ 2,300 తప్పేది. రెండో నెల డబ్బుకు నాలుగు నెలలు, మూడో దానికి మూడు... ఇలా అన్నీ కలిపితే 6,918. రేటు అనుకున్నట్టే పెరిగినా, ఆగిన మనిషికి రెండు వేలకు పైగా నష్టం. రేటు పడిపోతే చెప్పనక్కర్లేదు.

రెండు రూపాయల వడ్డీ ఉన్నవాడు ఆగితే, ఛార్జీ ఆదా పక్కన పెట్టి చూస్తే, ఆగిన ప్రతి నెలకూ దిర్హం 46 పైసలు పెరగాలి, అప్పుడే వడ్డీకి సరిపోతుంది. దిర్హం విలువను 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేశారు కాబట్టి, డాలర్ నెలనెలా రూపాయి అరవై తొమ్మిది పైసల చొప్పున పెరగాలన్నమాట. ఎప్పుడో ఒక నెల అలా పెరగొచ్చు, వరసగా పెరుగుతుందని నమ్మి అప్పు మోయడం నాకు సరిగా అనిపించదు.

అయితే నెలనెలా పంపిన డబ్బు అసలులో పడాలి. ఇంట్లోవాళ్లు కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించాలి. అసలు మొత్తం ఒకేసారి ఇస్తేనే తీసుకుంటానని అప్పిచ్చినాయన అంటే ఈ లెక్క పనిచేయదు. అప్పుడు కొంచెం కొంచెంగా కట్టించుకునే బ్యాంకులో బంగారం మీద లోన్ తీసుకుని ఆ నోటు తీర్చేయడం మేలు.

అప్పు లేనివాళ్ల సంగతి వేరు. డబ్బు ఏడాదికి ఆరు శాతం ఇచ్చే డిపాజిట్‌లో వేసేదైతే, పై లెక్కలో ఆగినందుకు పోయేది సుమారు 1,730 మాత్రమే. రేటు పెరిగితే మూడు వేలు మిగులుతాయి. కానీ ఆ 4,860లో దాదాపు సగం ఛార్జీ ఆదానే, దానికి రేటుతో పనిలేదు. ఇలాంటివాళ్లు రేటు చూడకుండా రెండు నెలలకోసారి పంపినా ఆరు నెలల్లో 60 దిర్హంలు మిగులుతాయి.