ట్యాలీలో డాలర్ లెడ్జర్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

నరసాపురం లేసు అల్లికలు ఎగుమతి చేసే చిన్న వ్యాపారం మాది. మొదట్లో ఇన్వాయిస్‌ను రూపాయల్లోకి మార్చి రాసుకునేవాళ్లం. డబ్బు వచ్చాక తేడా మిగిలితే "బ్యాంకు చార్జీలు" ఖాతాలో వేసి మూసేసేవాళ్లం. అది తప్పని ఓ ఏడాది ఆడిట్లో తేలింది. అప్పటినుంచి ట్యాలీలో పార్టీ లెడ్జర్లను డాలర్లలోనే పెట్టాం.

ఒక లెక్క చెబుతాను. ఫిబ్రవరిలో 8,000 డాలర్ల ఇన్వాయిస్, రేటు 86.50. అమ్మకం 6,92,000 రూపాయలు. ఈ అమ్మకం అంకె మళ్లీ మారదు. మార్చి 31 నాటికి డబ్బు రాలేదు, ఆ రోజు రేటు 85.50. అంటే రావాల్సింది 6,84,000 రూపాయలే. ఆ 8,000 రూపాయల నష్టం పాత ఏడాదిదే. ఏప్రిల్లో మన ఖాతాకు 7,975 డాలర్లే చేరాయి, దారిలో విదేశీ బ్యాంకు 25 డాలర్లు కోసుకుంది. మన బ్యాంకు 85 రూపాయల చొప్పున 6,77,875 జమ చేసింది. రేటు అర్ధ రూపాయి తగ్గినందుకు 4,000 మారకపు నష్టం, కోసుకున్న 25 డాలర్లకు 2,125 బ్యాంకు చార్జీ. ఈ రెండూ కొత్త ఏడాదివి.

డాలర్ లెడ్జర్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే. పార్టీ లెడ్జర్ తెరిచి ముందు డాలర్ నిల్వ చూస్తాను. అక్కడ సున్నా ఉండి రూపాయల్లో ఏదైనా మిగిలితే అది మారకపు తేడా. డాలర్లలోనే 25 మిగిలితే చార్జీ రాయడం మరిచిపోయామన్నమాట. మునుపు ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోయి కనబడేవి.

ఏడాది చివర బ్యాలెన్స్ షీట్లో Unadjusted Forex Gain/Loss అని ఒక వరుస వస్తుంది. అది అలాగే ఉందంటే పని మిగిలినట్టే. జర్నల్ వోచర్ టైపులో ఒక క్లాసు పెట్టి Use Class for Forex Gain/Loss Adjustments కు Yes ఇస్తే, ఆ క్లాసుతో జర్నల్ తెరిచి పార్టీని ఎంచుకోగానే మొత్తం తనే వేస్తుంది. అయితే మార్చి 31 రేటు ముందే Rates of Exchange లో ఎక్కించాలి. ఒకసారి మా అమ్మాయి పాత రేటు మార్చకుండానే జర్నల్ వేసింది. లెక్క ఎక్కడా తేడా చూపలేదు, నిల్వను డాలర్లతో భాగించి చూస్తేనే దొరికింది. ఇప్పుడు ప్రతి పార్టీకీ ఆ భాగహారం చేసి, మార్చి 31 రేటే వచ్చాకే ఫైలు ఆడిటర్ గారికి పంపుతాను.

రేటు విషయంలో ఒక ఇబ్బంది ఉంది. జీఎస్టీకి సరుకుల ఎగుమతి విలువను కస్టమ్స్ ప్రకటించిన రేటుకే కట్టాలి, బ్యాంకు ఇచ్చేది వేరే రేటు. ఇన్వాయిస్ రోజున మేం కస్టమ్స్ రేటే టైపు చేస్తాం, రిటర్నులో అమ్మకాలు పుస్తకాలతో కలుస్తాయని. దీనికి ఆడిటర్ గారిని ముందే అడిగాం. వోచర్‌లో రేటు చేత్తో కొట్టేటప్పుడు మాత్రం పక్కన షిప్పింగ్ బిల్లు పెట్టుకోవాల్సిందే.