హెడ్‌స్టాక్ చూసి కొన్న గిటార్: రెండేళ్ల తర్వాత

మా పాప కోసం కడపలోనే ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తీగలు బిగించే కీలుండే పై కొసన, అంటే హెడ్‌స్టాక్ మీద, కంపెనీ పేరు చెరిగిపోయి ఉంది. ఫొటోలో ఆరు కీలూ ఒకే వైపు వరుసగా కనిపించాయి. ఐదు స్థానాల స్విచ్ కూడా ఉంది. 'స్ట్రాట్ మాదిరిదే, నేర్చుకునేవాళ్లకు మంచిదన్నా' అని అమ్మినతను అంటే ఒప్పుకున్నాను.

అక్కడే పొరపాటు పడ్డాను. స్ట్రాట్ అంటే ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్. దానికి మూడు నాబ్‌లుంటాయి, ఒకటి వాల్యూమ్, రెండు టోన్. దీనికి రెండే. హెడ్‌స్టాక్ కొస కూడా కోసుగా ఉంది. అది చూసైనా ఫొటోను పెద్దది చేసి, హెడ్‌స్టాక్ మెడను కలిసేచోటు చూడాల్సింది. మామూలు గిటార్‌కు అక్కడ తెల్లటి సన్న పట్టీ ఉంటుంది. దీనికి మూడు నల్లటి లోహపు బిళ్లలు, వాటి మీద అలెన్ బోల్టులు. అది లాకింగ్ నట్, తీగలను అక్కడే బిగించి పట్టే అమరిక. అది ఉందంటే అవతలి కొసన తీగలు తగిలించే బ్రిడ్జ్ స్ప్రింగుల మీద తేలుతూ ఉండొచ్చని అర్థం.

మూడో నెలలో ఒక రాత్రి సన్న తీగ తెగింది. మిగతా ఐదూ ఒక్కసారిగా శ్రుతి పెరిగిపోయాయి. పాప తనే ఏదో పాడు చేశానని ఏడ్చేసింది. తన తప్పేమీ లేదు. ఒక తీగ లాగడం ఆగితే స్ప్రింగులు బ్రిడ్జ్‌ను వెనక్కి లాగేస్తాయి, మిగతా తీగలు బిగుసుకుంటాయి. బిళ్లలు విప్పడానికి అలెన్ కీ మా ఇంట్లో లేదు. మర్నాడు ఏడు రోడ్ల దగ్గర హార్డ్‌వేర్ షాపులో సెట్ కొన్నాను. కొత్త తీగకు చివరి గుండు కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాలి, అప్పుడే బ్రిడ్జ్‌లో బిగుస్తుంది. ఒక తీగ సరిచేస్తే పక్కవి జారడంతో సాయంత్రమంతా దానికే పోయింది.

చివరికి వెనక మూత విప్పి, స్ప్రింగులు తగిలించిన ఇనుప దిమ్మెకు రెండు వైపులా చెక్క ముక్కలు బిగించాను. బ్రిడ్జ్ కదలడం ఆగింది. ఇప్పుడు తీగ తెగినా మిగతావి శ్రుతి తప్పవు. బ్రిడ్జ్‌కుండే బార్ నొక్కి స్వరం ఊపడం మాత్రం కుదరదు, పాపకు ఇంకా అది అవసరం లేదు.

కొన్న కొత్తలో 'నెల రోజులైనా శ్రుతి తప్పదు' అని అందరికీ చెప్పాను. అది నిజమే, కానీ బిళ్లలు బిగించి తీగ జోలికి వెళ్లనంతవరకే. మెడ సన్నగా ఉండి చిన్న చేతులకు నప్పడం మాత్రం ఇప్పటికీ నాకు బాగా నచ్చుతుంది.

పక్కన కూర్చుని స్క్రూలు తిప్పడానికి నాకు ఓపిక ఉంది కాబట్టి దీన్ని ఉంచుకున్నాం. పిల్లలు ఒంటరిగా నేర్చుకునే ఇల్లయితే ఆ తెల్లటి పట్టీ ఉండి, బ్రిడ్జ్ కదలని గిటారే నేను కొంటాను.