ప్రూఫ్ గడి మీద ఆరు: మా ప్రెస్‌లో విప్ లిమిట్ వాడకం

హన్మకొండలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. శుభలేఖలు, బిల్లు బుక్కులు, స్కూల్ డైరీలు, కరపత్రాలు, జాతర పోస్టర్లు వేస్తాం. డీటీపీలో ఇద్దరు, మిషన్ మీద ఒకరు, కటింగ్, బైండింగ్‌కు ఇద్దరు ఉంటారు. కొన్ని పెళ్లి సీజన్లుగా మా పనులన్నీ గోడ మీది కాన్‌బాన్ బోర్డు మీదే నడుస్తున్నాయి. అంటే పని దశకు ఒక గడి, ఒక్కో పనికి ఒక కార్డు; పని జరిగేకొద్దీ కార్డు గడి నుంచి గడికి కదులుతుంది. ఇక్కడ రాస్తున్నది ఆ బోర్డులో ఒక్క భాగం గురించి. ప్రతి గడి తల మీద ఒక అంకె ఉంటుంది. ఆ గడిలో ఉండే కార్డులు ఆ అంకెకు మించకూడదు. దాన్నే వర్క్ ఇన్ ప్రోగ్రెస్ లిమిట్, వాడుకలో విప్ లిమిట్ అంటారు. బోర్డు పెట్టుకుని ఈ అంకె రాయనివాళ్లను నేను చాలామందిని చూశాను. నా అనుభవంలో పెండింగ్‌ను ఆపేది ఆ అంకే.

ఈ పద్ధతి మూలం జపాన్‌లోని టొయోటా కార్ల ఫ్యాక్టరీలో ఉంది. అక్కడ తైచీ ఓనో అనే ఇంజినీరు, తర్వాతి దశకు అవసరమైనంతే దానికి ముందున్న దశ తయారు చేసేలా కార్డులతో పని నడిపించాడు. 2000ల మధ్యలో డేవిడ్ ఆండర్సన్ దాన్ని సాఫ్ట్‌వేర్ పనికి మలిచాడు. ఇప్పుడు మనం చూసే గడుల బోర్డు ఆ దారిలో వచ్చిందే.

మా బోర్డు ఎడమ నుంచి కుడికి ఇలా ఉంటుంది: వచ్చిన పనులు, డిజైన్, ప్రూఫ్, ప్రింటింగ్, కటింగ్–బైండింగ్, డెలివరీ. డిజైన్‌కు లిమిట్ 3, ప్రూఫ్‌కు 6, ప్రింటింగ్‌కు 3, కటింగ్‌కు 3, డెలివరీకి 5. వచ్చిన పనులకు మాత్రం లిమిట్ లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ప్రింటింగ్ పని తెలిసినవాళ్లకు పెండింగ్ ఎక్కడ పుడుతుందో చెప్పనక్కర్లేదు. డిజైన్ అయిపోతుంది, ప్రూఫ్ కస్టమర్‌కు వాట్సాప్‌లో వెళ్తుంది, ఆయన ఓకే చెప్పాలి. ఆ ఓకే గంటలో రావచ్చు, పది రోజులకు రావచ్చు. ఈలోపు డీటీపీ ఆపరేటర్ ఖాళీగా కూర్చోడు కదా, ఇంకో పని తీసుకుంటాడు. అదీ ప్రూఫ్‌కు వెళ్తుంది, ఇంకోటి తీసుకుంటాడు. అందరి చేతుల్లోనూ పని ఉంటుంది కాబట్టి షాపు బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఓకే రావాల్సినవి మాత్రం రోజుకు ఒకటీ రెండూ పెరుగుతూ పోతాయి. ఒక్కసారిగా పది పెరిగితే ఎవరైనా గుర్తుపడతారు. ఒక్కొక్కటిగా పెరిగితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు.

తర్వాత ముహూర్తాలు దగ్గరపడగానే అవన్నీ ఒకే వారంలో మేల్కొంటాయి. "పెళ్లి ఆదివారమే, కార్డులు ఏమైనయ్?" అని ఫోన్లు మొదలవుతాయి. అప్పటికి ఆ డిజైన్ చేసినవాళ్లకు ఏ ఫైలు చివరిదో, కస్టమర్ ముందు ఏం మార్పు చెప్పాడో గుర్తుండదు. పాత మెసేజీలన్నీ వెతకాలి. చేసిన పనినే మళ్లీ అర్థం చేసుకోవాల్సి వస్తుంది.

లిమిట్ ఇక్కడ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ప్రూఫ్‌లో ఆరు కార్డులు నిండాయి. ఇంకో డిజైన్ పూర్తయినా ఆ కార్డు ముందుకు కదలడానికి వీల్లేదు, డిజైన్ గడిలోనే ఆగుతుంది. ఆగిన కార్డు డిజైన్‌లో ఒక చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆపరేటర్ కొత్త పని తీసుకోలేడు. అతని ముందు మిగిలింది ఒకటే దారి: ప్రూఫ్‌లో ఉన్నవాటిని కదిలించడం. అంటే ఫోన్ చేయడం, అడగడం. ఎదురుచూపు అనేది ఎవరి పనీ కాని స్థితి నుంచి ఒకరి చేతిలో పనిగా మారుతుంది.

మొన్న మాఘమాసంలో ఒక బుధవారం జరిగింది చెప్తాను. పొద్దున పదకొండుకే ప్రూఫ్ నిండింది. డిజైన్‌లో మూడు కార్డులున్నాయి, అందులో రెండు పూర్తయి ఆగిపోయాయి. మా ఆపరేటర్ వచ్చి, "అన్నా, ప్రూఫ్ నిండింది. ఇది యాడ పెట్టాలె?" అన్నాడు. "పెట్టుడు కాదు తమ్మీ, ముందు ఆ ఆరుగురికి ఫోన్ చెయ్" అన్నాను.

ఒకటి నర్సంపేట రైస్ మిల్లు బిల్లు బుక్కు. ప్రూఫ్ అంతా సరిగ్గానే ఉంది, జీఎస్టీ నంబర్ ఒక్కటే రావాలి. దాన్ని వాళ్లు ఫోన్లోనే చెప్పేశారు. రెండోది ఒక క్లినిక్ లెటర్‌హెడ్. డాక్టరు గారు మూడు రోజుల కిందటే వాయిస్ మెసేజ్‌లో ఓకే అన్నారు, మా దగ్గర ఆ మెసేజ్ ఎవరూ వినలేదు. మూడోది స్కూల్ డైరీ, ప్రిన్సిపల్ ఫోటో కోసం ఆగింది. అడిగితే సాయంత్రానికి పంపిస్తామన్నారు. నాలుగోది గుడి పోస్టర్. కమిటీలో పేర్ల వరస తేలలేదు, ఆదివారం మీటింగ్ అయితే గానీ తేలదన్నారు. ఐదోది పరకాల నుంచి వచ్చిన శుభలేఖ. ప్రూఫ్ పెళ్లికొడుకు తమ్ముడి ఫోన్లో ఉంది, ఇంట్లో పెద్దలు ఇంకా చూడనే లేదు. ఆరోది ఇంకో శుభలేఖ. గుడి పోస్టర్‌లాగే దీనికీ కారణం నిజంగా వాళ్ల చేతిలోనే ఉంది: కల్యాణ మండపం ఇంకా ఖాయం కాలేదు.

బిల్లు బుక్కు, లెటర్‌హెడ్ ప్రింటింగ్‌కు వెళ్లాయి. గుడి పోస్టర్‌ను కమిటీ వాళ్లకు చెప్పి ప్రూఫ్ గడి నుంచి తీసి, వచ్చిన పనుల వరసలో ఆదివారం తేదీ వేసి పెట్టాం. మూడు ఖాళీలు దొరికాయి, ఆగిన రెండు డిజైన్లు అందులోకి వచ్చాయి. డైరీలో కరెక్షన్ ఉన్నా ఆ కార్డును డిజైన్‌కు వెనక్కి పంపలేదు. ప్రూఫ్‌లో ఉంచే సరిచేస్తాం, లేకపోతే కార్డులు రెండు గడుల మధ్య తిరుగుతూ లెక్కకు దొరకవు. ఆ రోజు నాకు ఎక్కువగా అనిపించింది ఏమిటంటే, ఆరింటిలో సగానికి పైగా ఎవరూ అడగని సమాధానం కోసమో, ఎవరూ వినని సమాధానం కోసమో ఆగి ఉన్నాయి. లిమిట్ లేకపోతే ఆ బుధవారం ఇంకో రెండు డిజైన్లు పూర్తి చేసి సంతోషంగా ఇంటికి పోయేవాళ్లం.

దీని వెనక ఒక లెక్క ఉంది. జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో నిరూపించిన సూత్రమది. నడుస్తున్న పనుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, సగటున ఒక పనికి ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. రోజుకు నాలుగు పనులు పూర్తవుతుంటే, నడుస్తున్నవి 32 ఉన్నప్పుడు ఒక్కో పనికి సగటున 8 రోజులు, 16 ఉంటే 4 రోజులు. మనుషులు అదే వేగంతో పనిచేసినా పట్టే రోజులు సగమవుతాయి. అయితే ఇది సగటు లెక్క. వచ్చే పనులూ పోయే పనులూ సుమారుగా సమానంగా ఉన్న రోజుల్లోనే సరిపోతుంది. మేడారం జాతర ముందు పోస్టర్లు, ఫ్లెక్సీల పని ఒక్కసారిగా పడ్డప్పుడు దీన్ని నమ్ముకుని తేదీ చెప్పకూడదు.

మరి పెండింగంతా మొదటి గడిలో పేరుకుంటుంది కదా అని అడుగుతారు. అవును, అక్కడే పేరుకుంటుంది, పేరుకోవాల్సింది కూడా అక్కడే. మొదలుపెట్టని పనికి ఇంకా ఎవరి సమయమూ ఖర్చు కాలేదు, కాగితం కొనలేదు, ప్లేటు చేయలేదు. వరస మార్చుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. పైగా అది కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. ఆ వరస పొడవు చూసే కొత్తగా వచ్చినవాళ్లకు తేదీ చెప్తాం. "ఇంకా వారం పడుతది" అని మొదట్లోనే చెప్తే కొందరు వేరే ప్రెస్‌కు పోతారు. ఆ నష్టం నిజమే. పెళ్లికి రెండు రోజుల ముందు కార్డు లేదని చెప్పడం కంటే అదే నయమని నా అభిప్రాయం.

ఇక లిమిట్‌ను నీరుగార్చే దారులు. అన్నిటికంటే ప్రమాదకరమైనది 'హోల్డ్' అనే గడి. ప్రూఫ్ నిండగానే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, కస్టమర్ దగ్గర ఆగినవాటిని పక్కన ఒక గడి గీసి అందులో పెడదామని. దానికి లిమిట్ ఉండదు, చూసేవాళ్లూ ఉండరు. పెండింగ్ మళ్లీ పాత పద్ధతిలోనే పెరుగుతుంది, బోర్డు మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. మా దగ్గర ఆ గడి లేదు. ఆగిన కార్డు ఆగిన చోటే ఉండి చోటు ఆక్రమించాలి, అందరికీ ఇబ్బంది కలగాలి. వారం దాటినా కదలకపోతే కస్టమర్‌కు "మీరు ఓకే అన్నరోజు మళ్లీ వరసలో పెడతాం" అని స్పష్టంగా మెసేజ్ పెట్టి, అప్పుడు తీస్తాం. చెప్పకుండా మాత్రం తీయం.

రెండోది, రెండు పనులను ఒకే కార్డు మీద రాయడం. దీన్ని పట్టుకోవడానికి కార్డు మీద గడిలోకి వచ్చిన తేదీ రాస్తాం. రెండు మూడు రోజుల్లో పోవాల్సిన బిల్లు బుక్కు కార్డు ఐదు రోజులుగా కూర్చుంటే, దాని వెనక ఇంకేదో దాగి ఉన్నట్టే.

అర్జెంటు పనులకు బోర్డు పైన ఒకే ఒక్క అడ్డ వరస ఉంది, అందులో ఒక్క కార్డుకే చోటు. దశదినకర్మ కార్డులు దాంట్లోనే వెళ్తాయి, వాటిని ఆపలేం. తెలిసినవాళ్ల విజిటింగ్ కార్డులు అందులోకి రావు. రెండో అర్జెంటు వస్తే మొదటిది దిగేదాకా ఆగాలి.

అంకె ఎంత ఉండాలన్నది మొదటి రోజే తెలియదు. అప్పటికి గడిలో ఎన్ని కార్డులుంటే అంతే రాసి, కొన్ని వారాలకు ఒకటి చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఎప్పుడూ నిండని లిమిట్ ఉన్నా లేనట్టే. మిషన్ పని లేక ఆగుతుంటే మరీ తగ్గించామని అర్థం. మా ప్రింటింగ్ లిమిట్ 2 ఉన్నప్పుడు మిషన్ కొన్నిసార్లు ప్లేటు కోసం ఆగింది, 3 చేశాక ఆగలేదు. మా షాపులో అన్నిటికంటే ఖరీదైనది ఆ మిషనే, దాని ముందు కొంచెం పని ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

కంప్యూటర్‌లో జీరా, ట్రెలో లాంటి బోర్డు సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు ఒక మాట. జీరా బోర్డులో గడికి గరిష్ఠ సంఖ్య పెడితే, అది దాటినప్పుడు గడి రంగు మారుతుంది. ట్రెలోలో లిస్టుకు లిమిట్ పెట్టుకునే పవర్-అప్ అనే అదనపు సౌకర్యం కూడా దాటినప్పుడు గుర్తుచేస్తుందంతే. కార్డు లోపలికి రాకుండా ఏదీ ఆపదు. ఆ రంగుకు కళ్లు అలవాటు పడిపోతాయి. అందుకే నేను గోడ బోర్డు దగ్గరే ఉండిపోయాను. ప్రూఫ్ గడిలో ఆరు చోట్లు గీసి ఉన్నాయి, ఏడో కార్డు అతికించడానికి జాగా లేదు.

కౌంటర్ దగ్గర నిలబడి చేయించుకుపోయే జిరాక్స్, స్పైరల్ బైండింగ్‌లను మేం బోర్డు ఎక్కించం. ఒక్కరే నడిపే షాపుకు ఇన్ని గడులు కూడా అక్కర్లేదు. చేతిలో మూడు పనులు, అందులో ఓకే కోసం ఆగినవీ కలిపే, అని ఒక్క లిమిట్ రాసుకుంటే చాలు.